"కాస్త తగ్గించి పంపండి" అని మెసేజ్ వస్తే, తగ్గించాల్సింది ఏదో ఎలా పట్టుకోవాలి

ప్రశ్న: గుంటూరు అరండల్‌పేటలో ఒక డీటీపీ సెంటర్లో చేరి నాలుగు నెలలైంది. కస్టమర్లు వాట్సాప్‌లో "అది కొంచెం తగ్గించి పంపండి" అని పెడతారు. ఏది తగ్గించాలో చెప్పరు. "ఏదండీ?" అని అడిగితే "అదేనండీ, ఇందాక పంపింది" అంటారు, ఒక్కోసారి విసుక్కుంటారు. అడగకుండా చేస్తే తప్పు మ్యాటర్ తగ్గించావని ఓనర్ దగ్గర మాట పడాల్సి వస్తోంది. ఎప్పుడు అడగాలి, ఎప్పుడు చేసేయాలి?

జవాబు:

ముందు "ఏదండీ?" అని అడగడం మానేయండి. ఆ ప్రశ్నకు "అదే" తప్ప ఇంకో జవాబు రాదు. కస్టమర్ మనసులో ఆ నిమిషంలో ఒక్కటే మ్యాటర్ ఉంటుంది. ఆయన ఇప్పుడే దాన్ని చదివాడు, దాని గురించే ఇంట్లో మాట్లాడుకున్నాడు. మీ దగ్గర ఆయనవే నాలుగు మ్యాటర్లు ఉన్నాయన్న సంగతి ఆయనకు తట్టదు. అందుకే "ఏది?" అంటే, ఇంత తెలిసిన విషయం మళ్లీ అడుగుతున్నారేంటి అనిపిస్తుంది. విసుగు వచ్చేది అక్కడే.

నేను విజయవాడ గవర్నర్‌పేటలో 22 ఏళ్లుగా ఇదే పని చేస్తున్నాను. పేజ్‌మేకర్ రోజుల నుంచి ఇప్పటిదాకా శుభలేఖలు, కర్మ కార్డులు, పత్రికా ప్రకటనలు, సావనీర్లు, ఫ్లెక్సీలు చేశాను. సాఫ్ట్‌వేర్లు చాలా మారాయి కానీ ఈ "అది" మాత్రం అలాగే ఉంది. పూర్వం కస్టమర్ ఎదురుగా కూర్చుని ప్రూఫు మీద వేలు పెట్టి "ఇది తగ్గించు" అనేవాడు. ఆ వేలే సగం వాక్యం. వాట్సాప్‌లో మాట వస్తుంది, వేలు రాదు.

ఇందులో మన భాష తీరు కూడా కొంత ఉంది. తెలుగు క్రియలో కర్త ఆనవాలు ఉంటుంది. "వచ్చాను" అంటే నేను, "వచ్చాడు" అంటే అతను, "వచ్చారు" అంటే మీరో, వారో. కర్తను వదిలేసినా క్రియ చివర చూసి పోల్చుకోవచ్చు. కర్మకు ఆ సౌకర్యం లేదు. "తగ్గించండి" అన్న మాటను ఎంత తిప్పి చూసినా చేయాల్సింది మీరని తెలుస్తుంది గానీ, దేన్ని అన్నది అందులో ఎక్కడా ఉండదు. పైగా మన మాటల్లో కర్మను వదిలేయడం తప్పే కాదు. "తిన్నావా?", "చూశారా?", "పంపించేశా" అని రోజంతా మాట్లాడతాం. కాబట్టి కస్టమర్ నిర్లక్ష్యంగా రాశాడని అనుకోకండి. ఎదుటి మనిషి కూడా అదే చూస్తున్నాడన్న నమ్మకంతో, ఇంట్లో మాట్లాడినట్టే రాశాడు.

నేను కొత్తగా చేరినప్పుడు మా ప్రెస్సులో ప్రూఫులు దిద్దే మాస్టారొకరు ఉండేవారు. సంస్కృతం, తెలుగు బాగా చదువుకున్నవారు. వాక్యానికి అర్థం తెలియాలంటే మూడు కావాలని మన పాతవాళ్లు చెప్పిన మాట ఆయన నాకు నేర్పారు. అవి ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి. ఒక మాట వినగానే దాన్ని పూర్తి చేసే ఇంకో మాట కోసం మనసు ఎదురుచూడటం ఆకాంక్ష. "తగ్గించండి" అనగానే "దేన్ని?" అని పుట్టేది అదే. ఆ రెండు మాటలకూ అర్థంలో పొత్తు కుదరడం యోగ్యత. అవి దగ్గర దగ్గరగా ఉండటం సన్నిధి. లేని మాటను మనమే తెచ్చి పూరించుకోవడానికి అధ్యాహారం అని పేరు. దానికి మాస్టారు తలుపు ఉదాహరణ చెప్పేవారు. జోరున వాన కొడుతుండగా ఇంట్లోవాళ్లు "తలుపు, తలుపు" అని అరిస్తే పరుగెత్తి మూస్తాం. బయట ఎవరో కొడుతుంటే అదే "తలుపు, తలుపు" అన్న మాటకు వెళ్లి తీస్తాం. మాట ఒక్కటే. మూయాలో తీయాలో చెప్పేది అక్కడి పరిస్థితి. ఆ మాట ఏ ఉద్దేశంతో అన్నారో, దానికి తాత్పర్యం అని పేరు.

ఇది పుస్తకాల విషయంలా కనిపించినా, నేను ప్రతి మెసేజ్‌నీ ఇప్పటికీ ఇలాగే చూస్తాను. ముందు దగ్గరలో ఏమున్నాయి, తర్వాత వాటిలో "తగ్గించు" అన్న మాట దేనికి అతుకుతుంది, చివరికి ఆయన ఈ వేళప్పుడు ఎందుకు అడుగుతున్నాడు. ఒక నిజమైన కేసు చెబుతాను, పద్ధతి అందులోనే అర్థమవుతుంది.

పటమట నుంచి ఒకాయన వచ్చారు. వాళ్ల నాన్నగారు పోయారు. పెద్దకర్మకు కార్డులు, పత్రికలో శ్రద్ధాంజలి ప్రకటన, ఇంటి ముందు ఫ్లెక్సీ, మూడూ నాకే అప్పగించారు. ఉదయం 10 గంటలకు చేత్తో రాసిన కార్డు మ్యాటర్‌ను ఫొటో తీసి పంపారు. 11:40కి ప్రకటన కోసం తానే టైప్ చేసిన మ్యాటర్ వచ్చింది. నాన్నగారి గురించి మనసు పెట్టి రాసుకున్నారు, సుమారు 180 మాటలు. ఒంటిగంటకు నేను కార్డు ప్రూఫు పంపాను. కాసేపటికి ఆయన ఒక ఫొటో పంపి "ఫ్లెక్సీకి ఇది" అన్నారు. మూడున్నరకు 300 కార్డులకు, ఫ్లెక్సీకి కలిపి రేటు రాసి పంపాను. నాలుగు దాటాక ఈ మెసేజ్ వచ్చింది: "అది మరీ ఎక్కువైంది. తగ్గించి పంపండి. సాయంత్రం లోపు కావాలి."

దగ్గరలో ఉన్నవి చూస్తే, "అది" అన్న మాటకు ఆనుకుని ఉన్నది నేను పంపిన రేటు. "మరీ ఎక్కువైంది" రేటుకూ సరిగ్గా అతుకుతుంది. ఆ తర్వాత ఫ్లెక్సీ ఫొటో. దాన్ని తగ్గించడమంటే కొలత తగ్గించడం కావచ్చు. ఆ పైన కార్డు, దానికి పైన ప్రకటన. సన్నిధి ఒక్కటే చూసుకుంటే రేటు తగ్గించి పంపేవాణ్ణి. కానీ "సాయంత్రం లోపు కావాలి" అనే మాట రేటుకు పొసగదు. కార్డులు రెండు రోజుల తర్వాత కావాలని ఉదయమే చెప్పారు. సాయంత్రం గడువు ఉన్నది ఒక్క ప్రకటనకే, మర్నాటి పేపర్లో రావాలంటే ఆ వేళకు అందాలి. మరి ఉదయం తానే రాసిన మ్యాటర్‌ను మధ్యాహ్నానికి తానే "మరీ ఎక్కువైంది" అంటాడా? ఆయనకు ఆయన అనడు. ఇంకెవరో అని ఉండాలి. ప్రకటనలు తీసుకునే ఏజెంటు సైజు చూసి డబ్బు లెక్క చెప్పి ఉంటాడనిపించింది. ఆ మాట వాళ్లిద్దరి మధ్య ఫోన్లో జరిగింది. అందుకే నా చాట్‌లో ఎంత పైకి వెళ్లి వెతికినా దాని జాడ ఉండదు.

నూటికి ఎనభై పాళ్లు ప్రకటనే అనిపించింది. అయినా అడిగాను, "ఏది?" అని మాత్రం కాదు. ఇలా రాశాను:

"సార్, 'నిరాడంబరుడు, స్నేహశీలి' అని మొదలయ్యే ప్రకటన మ్యాటరే కదా తగ్గించమంటున్నారు? అదే అనుకుని మొదలుపెడుతున్నాను. ఏజెంటు సైజు ఏమైనా చెప్పారా? కార్డు, ఫ్లెక్సీ అలాగే ఉంచుతున్నాను."

దీన్ని కాస్త దగ్గరగా చూడండి. మ్యాటర్‌ను దాని మొదటి మాటలతో గుర్తుపట్టించాను. "రెండోది", "పైన పంపింది" అంటే ఆయన ఫోన్లో వరుస వేరేగా ఉండొచ్చు, మొదటి మాటలు మాత్రం ఎక్కడైనా అవే. నేను ఏది అనుకుంటున్నానో ముందే చెప్పాను కాబట్టి ఆయన "అవును" అంటే సరిపోతుంది. ఎంత తగ్గించాలో కూడా అదే మెసేజ్‌లో అడిగాను, దాని కోసం ఇంకో అరగంట పోకుండా. ముట్టుకోనివి ఏవో చెప్పాను. ఆయన ఉద్దేశం కార్డు అయితే ఆ చివరి వాక్యం చూడగానే ఆపేవాడు. ఆపకపోయినా నేను పనిలోనే ఉన్నాను, కాలం వృథా కాలేదు.

ఐదు నిమిషాల్లో జవాబు వచ్చింది. "ప్రకటనేనండీ. ఏజెంటు రెండు కాలమ్‌ల వెడల్పు, 8 సెంటీమీటర్ల ఎత్తు లోపు అయితే మా బడ్జెట్‌కు సరిపోతుంది అన్నాడు." ఇలాంటి డిస్‌ప్లే ప్రకటనకు డబ్బు స్థలాన్ని బట్టి కట్టాలి, మాటలను బట్టి కాదు. అందుకే ఎంత తగ్గించాలన్న ప్రశ్నకు మాటల లెక్క కంటే ఈ కొలతే ఎక్కువ పనికొస్తుంది. ఫొటో పోగా మిగిలిన చోటులో చదవగలిగే సైజులో 60 మాటలకు మించి పట్టవని లేఅవుట్ వేసి చూసుకున్నాను.

మొదటి వాక్యం ఇలా ఉండేది: "నిరాడంబరుడు, స్నేహశీలి, అందరికీ తలలో నాలుకలా మెలిగిన మా ప్రియాతిప్రియమైన తండ్రిగారు ఈ నెల 4వ తేదీ తెల్లవారుజామున హఠాత్తుగా మమ్మల్నందరినీ శోకసముద్రంలో ముంచి తిరిగిరాని లోకాలకు వెళ్లిపోయారని తెలియజేయుటకు ఎంతగానో చింతిస్తున్నాము." 24 మాటలు. నేను చేసింది: "మా తండ్రిగారు ఈ నెల 4వ తేదీన స్వర్గస్థులైనారని తెలియజేయుటకు చింతిస్తున్నాము." 9 మాటలు. పెద్దకర్మ తేదీ, సమయం, స్థలం, ఇంటి చిరునామా, కింద ఉన్న కుటుంబ సభ్యుల పేర్లు ముట్టుకోలేదు. పేర్ల జోలికి మాత్రం అడగకుండా ఎప్పుడూ పోకండి. "తగ్గించండి" అన్నప్పుడు ఆ మాటలోకి పేర్లు వస్తాయా రావా అన్నది ఇంటివాళ్లే చెప్పాలి. ఒక కోడలి పేరో, అల్లుడి పేరో పోతే అది ఆ కుటుంబంలో ఏళ్ల తరబడి ఉండిపోతుంది.

ప్రూఫు పంపిన పది నిమిషాలకు ఆయనే ఫోన్ చేశారు. "అన్నీ బాగానే ఉన్నాయండీ, కానీ అమ్మ ఆ 'అందరికీ తలలో నాలుకలా మెలిగిన' అన్న మాట ఉంచమంటోంది" అన్నారు. వాక్యం 13 మాటలైంది. పక్కన "నిర్వహించబడును" అని సాగిన చోట ఒక లైను సర్దుకున్నాను. ఆరు గంటల లోపు ఫైలు వెళ్లిపోయింది.

ఇప్పుడు మీ అసలు ప్రశ్నకు వస్తాను. ఎప్పుడు అడగాలి, ఎప్పుడు చేసేయాలి?

నేను చూసేది ఒక్కటే, తప్పైతే వెనక్కి తీసుకోగలనా లేదా అని. తప్పు మ్యాటర్ తగ్గించి ప్రూఫు పంపితే పోయేది పది నిమిషాలు. పాత ఫైలు భద్రంగా ఉంటుంది. అలాంటప్పుడు ఒక్కటే బలమైన అంచనా ఉంటే చేసేయండి. అయితే పంపేటప్పుడు "మీరు అడిగినట్టు తగ్గించాను" అని ఊరుకోకండి. "ప్రకటన మ్యాటర్ తగ్గించాను, కార్డు అలాగే ఉంది" అని మీరు ఏది అనుకున్నారో పేరు పెట్టి చెప్పండి. అలా చెప్పకపోతే కస్టమర్ తన మనసులో ఉన్నదే తగ్గిందనుకుని ప్రూఫు తెరిచి కూడా చూడకుండా "ఓకే" పెట్టేస్తాడు. ఈ "ఓకే" చాలా ప్రమాదకరం. అదే పని ప్లేట్లకో, ప్రింటింగ్‌కో, పత్రికాఫీసుకో వెళ్లబోతుంటే మీకు ఎంత నమ్మకం ఉన్నా అడిగి తీరాలి.

నేను దెబ్బతిని నేర్చుకున్నాను ఈ సంగతి. చాలా ఏళ్ల కిందట ఒక సంఘం వార్షికోత్సవానికి సావనీర్ చేశాను. అధ్యక్షుడి సందేశం, కార్యదర్శి సందేశం ఒకదాని తర్వాత ఒకటి ఉన్నాయి. కార్యదర్శి ఫోన్ చేసి "సందేశం మరీ పెద్దదైంది, సగం చేసి ప్రింటింగ్‌కు ఇచ్చేయండి" అన్నారు. రెండింటిలో అధ్యక్షుడిది పెద్దది, ఒకటిన్నర పేజీ. "పెద్దదైంది" అన్న మాట దానికే అతుకుతుంది కదా అని దాన్ని సగం చేశాను. నిజానికి ఆయన చెప్పింది తన సందేశం గురించి. తనది ఒక పేజీ నిండా ఉందని, అధ్యక్షుడి పక్కన తాను అంత రాయడం బాగుండదని ఆయన ఉద్దేశం. ఆ పేజీలున్న ఫారం అచ్చయ్యాక తెలిసింది. ప్లేట్లు, కాగితం, మెషీన్ ఖర్చు నేనే పెట్టుకుని మళ్లీ వేయించాను. డబ్బు కంటే, ఆ అధ్యక్షుడు తన మాటలు కావాలనే కోయించారని కొన్నాళ్లు నమ్మడం నాకు ఎక్కువ బాధ కలిగించింది. ఫోన్ పెట్టేసే ముందు "మీ సందేశమా, అధ్యక్షుల వారిదా?" అని నాలుగు మాటలు అడిగి ఉంటే సరిపోయేది. పొడవు చూసి యోగ్యత తేల్చాను, ఆయన ఎవరు, ఎందుకు అంటున్నారు అన్న తాత్పర్యం చూడలేదు.

ఇంకో రకం ఉంది, దీనికి కొత్తవాళ్లు ఎక్కువగా చిక్కుతారు. అసలు మ్యాటరే మీ దగ్గరకు రాలేదు. "ఇది సగానికి తగ్గించండి" అని మెసేజ్ ఉంటుంది, పైన ఏమీ ఉండదు. కస్టమర్ "అది" అనకుండా "ఇది" అన్నాడంటే, తన దృష్టిలో ఆ మ్యాటర్ మెసేజ్‌కు ఆనుకునే ఉంది. ఆయన ఫోన్లో ఉంది కూడా. ఫైలు పెద్దదై ఇంకా ఎక్కకపోయి ఉండొచ్చు, చిన్న మెసేజ్ ముందు వచ్చేసి ఉంటుంది. మీకు బదులు మీ ఓనర్ నంబరుకు వెళ్లి ఉండొచ్చు. మెయిల్లో పంపి, వాట్సాప్‌లో మాట మాత్రం చెప్పి ఉండొచ్చు. ఇలాంటప్పుడు చేతికి దొరికిన పాత ఫైలు తీసి "ఇదే అయ్యుంటుంది" అని పని మొదలుపెట్టడం అన్నిటికన్నా పెద్ద తప్పు. అక్కడ అంచనా వేయడానికి ఏమీ లేదు, ఉన్నదల్లా మన ఊహే.

కాసేపు ఆగండి, ఒక ఐదు నిమిషాలు. రాకపోతే ఇలా పెట్టండి: "సార్, తగ్గించాల్సిన మ్యాటర్ నాకు రాలేదు. మీ దగ్గర్నుంచి చివరగా వచ్చింది నిన్న సాయంత్రం 6 గంటలకు పంపిన శుభలేఖ ఫొటో. ఈ రోజు ఏదైనా పంపి ఉంటే మళ్లీ పంపగలరా?" చివరగా ఏది వచ్చిందో చెప్పడం ఇక్కడ కీలకం. "రాలేదు" అని ఊరుకుంటే "పంపాను, చూసుకోండి" అంటారు. చివరిది ఏదో చెబితే ఆయన తన ఫోన్ తెరిచి చూసుకుంటాడు, ఎక్కడ ఆగిపోయిందో ఆయనకే తెలుస్తుంది.

దేన్ని అన్నది తేలినా, "తగ్గించు" అనే మాటలో కూడా తికమక ఉంది. మన షాపులో ఈ మాటకు నాలుగైదు అర్థాలు. శుభలేఖ పట్టుకుని "తగ్గించండి" అంటే మాటలు తగ్గించడం కావచ్చు, అక్షరాల సైజు కావచ్చు, రేటు కావచ్చు. ఉద్యోగానికి అప్లై చేసే పిల్లలు "ఫొటో తగ్గించండి" అంటే చాలాసార్లు కేబీలు తగ్గించమని, కొలత కాదు. సైట్‌లో 50 కేబీ లోపు ఉండాలని ఉంటుంది, మనం బొమ్మను చిన్నది చేసి పంపితే వాళ్లకు పనికిరాదు. ఇక్కడ కూడా అడిగే తీరు అదే: "సైట్‌లో ఎన్ని కేబీలు అని అడుగుతోంది?" అంటే ఒక్క ముక్కలో తేలిపోతుంది.

"అది" గురించి ఇంకో మాట, శుభలేఖలు చేసేవాళ్లకు ఇది బాగా తగులుతుంది. తెలుగులో "అది" వస్తువుకే కాదు, ఇంట్లో చిన్నపిల్లకూ వాడతాం. ఒక తండ్రి నాకు ఫోన్ చేసి "దాన్ని కాస్త పైకి తీసుకురండి, కింద కనిపించడం లేదు" అన్నాడు. నేను కల్యాణ మండపం పేరు కింద ఉందని దాన్ని పైకి తెచ్చాను. ఆయన అన్నది "మా అత్త పెళ్లికి తప్పక రండి" అని కార్డు చివర వేసే పిల్లల పేర్లలో తన చిన్న కూతురి పేరు గురించి. ఇంటి మనిషిగా మాట్లాడుతున్నాడని గొంతును బట్టి పట్టుకోవాల్సింది. ఫోన్లో అయితే ఆ ఛాయ కొంతైనా వినిపిస్తుంది, రాతలో అదీ ఉండదు.

ఈ తికమక మొదట్లోనే రాకుండా చేయడానికి నేను పెట్టుకున్న ఒక అలవాటు చెబుతాను. 2016 ఆగస్టులో కృష్ణా పుష్కరాలప్పుడు మొదలైంది ఇది. ఆ రోజుల్లో స్వాగత ఫ్లెక్సీలు, అన్నదానం బ్యానర్లు, కరపత్రాలు ఒకే కస్టమర్‌వి ఐదారు ఉండేవి. "అది మార్చండి" అని వచ్చే మెసేజ్‌లకు లెక్కే లేదు. అప్పుడు ప్రతి ప్రూఫు కింద మూల చిన్న అక్షరాల్లో ఒక పేరు వేయడం మొదలుపెట్టాను. "కార్డు-1", "ప్రకటన-1", "ఫ్లెక్సీ-1". మార్చి పంపితే "ప్రకటన-2". నేను ఆ పేరుతోనే మాట్లాడేవాణ్ణి, "ప్రకటన-1 చూశారా?" అని. రెండు మెసేజ్‌లు అయ్యేసరికి కస్టమర్లు కూడా "ప్రకటన-1 తగ్గించండి" అనడం మొదలుపెట్టారు. ఎవరికీ నేర్పించలేదు. పేరు కళ్ల ముందు ఉంటే మనుషులు వాడతారు, లేకపోతే "అది" అంటారు. ఒక జాగ్రత్త మాత్రం తీసుకోండి. ఆ పేరును, కాగితం ఎక్కడ కోయాలో చూపే ట్రిమ్ మార్కుల బయట వేయండి, లేకపోతే ఎప్పుడో ఒకప్పుడు "కార్డు-2" అని ఉన్న శుభలేఖలు అచ్చయి వస్తాయి. పత్రికకు పంపే ఫైలుకు ట్రిమ్ బయట చోటు ఉండదు కాబట్టి, ఆఖరి ఫైలులో ఆ పేరు తీసేసి, తీసినట్టు మళ్లీ ఒకసారి చూసుకోండి.

ఒక్కో ప్రూఫును ఒక్కో మెసేజ్‌గా పంపడం కూడా ఇందులో భాగమే. మూడు ప్రూఫులు ఒకేసారి పంపి "చూడండి" అంటే, మీరే ఆ తికమకను మొదలుపెట్టినట్టు. విడివిడిగా పంపితే, కస్టమర్ దేని గురించి అంటున్నాడో ఆ మెసేజ్‌ను పక్కకు జరిపి రిప్లై పెట్టొచ్చు. ఒకసారి మీరే అలా రిప్లై పెట్టి చూపించండి. వయసులో పెద్దవాళ్లకు అది అలవాటు కాదు, వాళ్లను ఇబ్బంది పెట్టకండి. వాళ్లకు ఫోన్ చేసి, మొదటి రెండు మాటలు చదివి వినిపించి "ఇదేనా బాబాయిగారూ?" అంటే చాలు, చెప్పేస్తారు.

వాయిస్ మెసేజ్‌లు వస్తే మాత్రం ఇంకా జాగ్రత్త. మాట్లాడేటప్పుడు వాళ్లు ప్రూఫును ఎదురుగా పెట్టుకుని "ఇక్కడిది తీసేసి, దీన్ని చిన్నది చేసి, అది అక్కడ పెట్టండి" అంటారు. ఒక నిమిషం మెసేజ్‌లో ఇలాంటివి ఐదారు ఉంటాయి. నేను దాన్ని విని, అర్థమైనవి కాగితం మీద రాసి, ప్రతి "అది" పక్కన నేననుకున్న పేరు రాసి, ఆ కాగితాన్నే ఫొటో తీసి పంపుతాను. "1. ముహూర్తం లైను అక్షరాలు చిన్నవి చేయాలి. 2. ఫోన్ నంబర్లు తీసేయాలి. 3. గణపతి బొమ్మ పైన మధ్యలో." మొన్న ఒకాయన దాన్ని చూసి వెంటనే ఫోన్ చేశారు, "రెండోది కాదండీ, నేను తీసేయమంది నంబర్లు కాదు, నంబర్ల కింద గీత" అని. నంబర్లు ఉంచి గీత తీసేసి ప్రూఫు పంపాను.